72 ఎలా వచ్చింది? గోళం, తీగ, ఒక రఫ్ పేజీ

పదో తరగతి పరీక్షలు అయిపోయిన వారంలోనే మా దగ్గర పాలిసెట్ బ్యాచ్ మొదలవుతుంది. క్షేత్రమితికి నేను నాలుగు రోజులు కేటాయిస్తాను. ఐదో రోజు చిన్న పరీక్ష పెట్టి, జవాబు పత్రంతో పాటు రఫ్ పేజీ కూడా తీసుకుంటాను. పిల్లలకు ఇది నచ్చదు. రఫ్ పేజీ అంటే వాళ్ళ సొంత విషయం అన్నట్టు ముఖం పెడతారు. కానీ నాకు పనికొచ్చేది అదే.

ఈసారి పరీక్షలో ఒక ప్రశ్న ఇది: 6 సెం.మీ. వ్యాసం ఉన్న లోహపు గోళాన్ని కరిగించి, 2 మి.మీ. వ్యాసం ఉన్న తీగగా సాగదీశారు. తీగ పొడవు ఎంత? ఆప్షన్లు 9 మీ., 36 మీ., 72 మీ., 288 మీ.

సరైన జవాబు 36 మీటర్లు. గోళం వ్యాసార్థం 3, కాబట్టి ఘనపరిమాణం (4/3)π × 27 = 36π. తీగ అంటే సన్నటి పొడవాటి స్థూపమే. దాని వ్యాసార్థం 0.1 సెం.మీ., అడ్డుకోత వైశాల్యం 0.01π. భాగిస్తే 3600 సెం.మీ. మిగతా మూడు ఆప్షన్లు ఊరికే వేసిన అంకెలు కావు. తీగకు మాత్రమే వ్యాసాన్ని వ్యాసార్థంగా వాడితే 9 వస్తుంది. గోళానికి మాత్రమే ఆ పని చేస్తే 288. రెండింటికీ చేస్తే 72. పిల్లవాడు ఏ ఆప్షన్ పెట్టాడో చూస్తే ఎక్కడ జారాడో తెలిసిపోవాలని ఇలా తయారుచేసుకుంటాను. అసలు పరీక్షలో ప్రశ్నలు రాసేవాళ్ళు కూడా చాలాసార్లు ఇదే చేస్తారు. అందుకే ‘నాకు వచ్చిన అంకె ఆప్షన్లలో ఉంది కాబట్టి కరెక్టే’ అనే ధైర్యానికి ఈ అధ్యాయంలో విలువ లేదు.

72 పెట్టిన వాళ్ళలో ఒక అమ్మాయి ఉంది. లెక్కల్లో ఆ బ్యాచ్‌లో మొదటి ముగ్గురిలో ఉంటుంది. సూత్రాలన్నీ నోటికి వచ్చు. శంకువు, స్థూపం, గోళం, అర్ధగోళం, ఏది అడిగినా ఆగకుండా చెబుతుంది. అయినా ఈ అధ్యాయంలో ఆమె మార్కులు ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి. తొందరపాటు అనుకుని వదిలేశాను. ఈసారి రఫ్ పేజీ తీసి చూస్తే తొందరపాటు కాదు. చాలా శుభ్రంగా, వరసగా రాసింది. (4/3) × 6 × 6 × 6 ఒక పక్కన, 0.2 × 0.2 × h ఇంకో పక్కన, π రెండు వైపులా కొట్టేసి ఉంది. h = 7200.

పిలిచి అడిగాను. “వ్యాసార్థం ఎక్కడమ్మా?”

“రెండింటికీ వ్యాసాలే వేశాను సార్. రెండు వైపులా సగం చేయాల్సిందే కదా, పోతుంది.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు సార్. మొన్న చేసిన లెక్కల్లో అలాగే వచ్చింది.”

మొన్నటి నోట్సు తెప్పించాను. ఆమె చెప్పింది నిజమే. 6 సెం.మీ. వ్యాసం ఉన్న గోళాన్ని కరిగించి 2 సెం.మీ. వ్యాసం ఉన్న గోళీలు చేస్తే ఎన్ని వస్తాయన్న లెక్కలో 6 × 6 × 6 ని 2 × 2 × 2 తో భాగించి 27 అని రాసింది. ఒప్పే. ఆ తర్వాతది స్థూపాన్ని కరిగించి శంకువులు పోసే లెక్క. అక్కడా వ్యాసాలే వేసింది, అదీ ఒప్పే. రెంటికీ నేనే టిక్కు పెట్టాను.

ఎందుకు ఒప్పయిందో చూస్తే ఆమె జబ్బు ఏమిటో అర్థమవుతుంది. గోళం సూత్రంలో r మూడుసార్లు గుణించుకుంటుంది. r బదులు వ్యాసం వేస్తే అంకె 2 × 2 × 2, అంటే 8 రెట్లు పెరుగుతుంది. గోళం నుంచి గోళాలు చేస్తే పైనా 8 రెట్లు, కిందా 8 రెట్లు. తప్పు తప్పును మింగేస్తుంది. స్థూపం, శంకువుల్లో r రెండుసార్లే వస్తుంది. అక్కడ పెరిగేది 4 రెట్లు. స్థూపం నుంచి శంకువు చేస్తే 4, 4 పోతాయి. కానీ గోళం నుంచి స్థూపానికో శంకువుకో వెళ్తే పైన 8, కింద 4. ఒక 2 మిగిలిపోతుంది. అందుకే ఆమెకు 36 బదులు సరిగ్గా రెట్టింపు, 72 వచ్చింది.

ఇది తెలిశాక ఆమె పాత పరీక్ష పేపర్లు కూడా తిరగేశాను. 4 సెం.మీ. వ్యాసం, 18 సెం.మీ. ఎత్తు ఉన్న స్థూపాన్ని కరిగించి 3 సెం.మీ. వ్యాసం ఉన్న గోళీలు చేసే లెక్క ఒకటి కనిపించింది. రావాల్సింది 16, ఆమె పెట్టింది 8. ఇక్కడ గోళం భాగించే వైపు ఉంది కాబట్టి రెట్టింపు కాస్తా సగమైంది. నేను అప్పుడు ‘లెక్క చూసుకో’ అని ఎర్ర సిరాతో రాసి వదిలేశాను. ఆ మాట వల్ల ఆమెకు ఏమి తెలుస్తుంది? చూసుకునే ఉంటుంది. గుణకారాల్లో తప్పేమీ లేదు.

కాబట్టి గుర్తు ఇది: గోళాలతో గోళాలు, స్థూపాలతో శంకువులు అన్నీ ఒప్పయి, గోళం నుంచి ఇంకో ఆకారానికో, ఇంకో ఆకారం నుంచి గోళానికో దాటే చోట మాత్రం జవాబు సరిగ్గా రెట్టింపో సగమో వస్తుంటే, ఆ పిల్ల సూత్రాలు మళ్ళీ చదవక్కర్లేదు. వ్యాసాలు వాడే అలవాటు పోవాలి.

అలవాటు పోగొట్టడానికి మొదట అందరూ చేసేదే చేశాను. ప్రతి లెక్కకూ మొదటి గీతలో r = అని రాయమన్నాను. రెండు రోజులు రాసింది. మూడో రోజు టైమ్ పెట్టి పరీక్ష ఇస్తే ఆ గీత మాయమైంది. ఏపీ పాలిసెట్‌లో 120 ప్రశ్నలకు రెండు గంటలు, అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం. ఆ టెన్షన్‌లో, ఎందుకు రాయాలో మనసుకు ఎక్కని గీత మొదట ఎగిరిపోతుంది. తప్పుకు మార్కు కోత లేని పరీక్ష కాబట్టి జాగ్రత్త ఇంకా తగ్గుతుంది. సాయంత్రం నా దగ్గరకు వచ్చే ఎస్ఎస్‌సీ సీజీఎల్ వాళ్ళ సంగతి వేరు. టైర్-1లో తప్పుకు అర మార్కు పోతుంది కాబట్టి వాళ్ళు కాస్త తడుముకుంటారు. కానీ వాళ్ళలోనూ 72 పెట్టేవాళ్ళు ఉన్నారు.

అందుకని దారి మార్చాను. వ్యాసాలు వాడటం ఆమె చేతికి అలవాటైతే, వ్యాసాలతోనే సరిగ్గా వచ్చే పద్ధతి ఇద్దామనుకున్నాను.

ఒక గోళాన్ని కరిగించి, సరిగ్గా అదే వ్యాసం ఉన్న స్థూపంగా పోత పోస్తే ఎత్తు ఎంత వస్తుంది? (4/3)πr³ = πr²h అని రాస్తే h = 4r/3. వ్యాసంలో చెప్పాలంటే మూడింట రెండు వంతులు. 6 సెం.మీ. గోళం 6 సెం.మీ. వెడల్పు స్థూపంగా మారితే ఎత్తు 4 సెం.మీ. అంతే. గోళం సరిగ్గా పట్టే డబ్బాలో ఆ గోళం మూడింట రెండు వంతులు నిండుతుందన్న ఆర్కిమెడిస్ ఫలితమే ఇది. గోళం, దాని చుట్టూ స్థూపం ఉన్న బొమ్మ తన సమాధి మీద ఉండాలని ఆయన కోరాడని చెబుతారు. క్రీ.పూ. 75లో సిసిలీలో అధికారిగా పనిచేసిన సిసెరో, ముళ్ళపొదల్లో మరుగునపడిన ఆ సమాధిని ఈ బొమ్మను బట్టే గుర్తుపట్టానని రాసుకున్నాడు. ఈ కథ క్లాసులో చెబితే సూత్రం మరిచిపోయేవాడికి కూడా ‘మూడింట రెండు’ గుర్తుంటుంది. నా అనుభవం అది.

ఇప్పుడు మన తీగ. గోళాన్ని ముందు 6 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. ఎత్తు ఉన్న బిళ్ళగా చేశాం. ఆ బిళ్ళను 2 మి.మీ. వెడల్పుకు లాగాలి. 60 మి.మీ. నుంచి 2 మి.మీ.కి అంటే వెడల్పు 30 రెట్లు తగ్గింది. వెడల్పు 30 రెట్లు తగ్గితే అడ్డుకోత వైశాల్యం 900 రెట్లు తగ్గుతుంది, పొడవు 900 రెట్లు పెరగాలి. 4 × 900 = 3600 సెం.మీ., అంటే 36 మీటర్లు. వ్యాసార్థం ఎక్కడా రాలేదు. π కూడా రాలేదు. రెండో అడుగులో స్థూపం నుంచి స్థూపానికే వెళ్తున్నాం కాబట్టి ఆమె వ్యాసాల అలవాటు ఇక్కడ ఏ హానీ చేయదు.

శంకువుకైతే అదే వ్యాసంతో ఎత్తు వ్యాసానికి రెట్టింపు. 6 సెం.మీ. గోళం, 6 సెం.మీ. భూవ్యాసం ఉన్న శంకువుగా మారితే ఎత్తు 12. ఈ రెండు మాటలు చాలు.

అమ్మాయి బోర్డు దగ్గరే గోళీల లెక్క మళ్ళీ చేసింది. 3 సెం.మీ. గోళీ అంటే 3 వెడల్పు, 2 ఎత్తు ఉన్న బిళ్ళ. 4 వెడల్పు స్థూపాన్ని 3 వెడల్పుకు తెస్తే ఎత్తు 18 × 16/9 = 32. అందులో 2 ఎత్తు బిళ్ళలు 16. “ముందు 8 ఎలా వేశాను సార్?” అని నన్నే అడిగింది.

ఇక్కడితో ఈ కేసు అయిపోయిందనుకున్నాను. 36 పెట్టిన వాళ్ళ రఫ్ పేజీలు చూసే అలవాటు నాకు అంతగా లేదు, ఒప్పు ఒప్పే కదా అని. ఆ సాయంత్రం ఎందుకో అవి కూడా తిరగేశాను. ఒక అబ్బాయి పేజీలో (4/3)π × 27 = 36π అని ఉంది. కింద π × 1 × 1 × h. h = 36. 36 మీటర్ల మీద టిక్కు.

వాడు తీగ వ్యాసార్థాన్ని 1 సెం.మీ. అనుకున్నాడు. అసలు మి.మీ. అన్న మాటే చూడలేదు. వాడికి వచ్చింది 36 సెం.మీ. ఆప్షన్‌లో 36 కనిపించింది, యూనిట్ చదవకుండా పెట్టేశాడు. మార్కు వచ్చింది. ఇది యాదృచ్ఛికం అనుకుంటే పొరపాటు. మి.మీ.ని సెం.మీ.గా పొరబడితే వ్యాసార్థం 10 రెట్లు ఎక్కువవుతుంది, పొడవు 100 రెట్లు తగ్గుతుంది. ఒక మీటరుకు 100 సెం.మీ. కాబట్టి, గోళం సెం.మీ.లో, తీగ మి.మీ.లో, జవాబు మీటర్లలో ఉన్న ప్రతి లెక్కలోనూ యూనిట్లు పట్టించుకోనివాడికి సరైన అంకే వస్తుంది. తెలిసి వాడితే ఇది మంచి అడ్డదారి: ఘన సెం.మీ.ని చదరపు మి.మీ.తో భాగిస్తే నేరుగా మీటర్లు. తెలియకుండా వాడేవాడు మాత్రం జవాబు సెం.మీ.లో అడిగిన రోజు మునుగుతాడు.

ఇంకో పేజీలో ఇంకో విచిత్రం. గోళానికి 4 × 9 = 36 అని రాసి ఉంది. ఆ పిల్ల ఘనపరిమాణం వాడలేదు, ఉపరితల వైశాల్యం 4πr² వాడింది. వ్యాసార్థం 3 అయినప్పుడు 4πr², (4/3)πr³ రెండూ అంకెల్లో ఒకటే, 36π. తరవాత యూనిట్లన్నీ సరిగ్గా మార్చి 36 మీటర్లు తెచ్చుకుంది. నేను ఎంచుకున్న ఒక్క అంకె వల్ల, కరిగించినప్పుడు ఏది మారదో తెలియని పిల్ల కూడా నా పరీక్షలో పాసయింది.

అంటే తప్పు ఆప్షన్లకు పెట్టిన శ్రద్ధ ఒప్పు ఆప్షన్‌కు పెట్టలేదు. 36కు మూడు తలుపులు ఉన్నాయి, అందులో రెండు దొడ్డిదారులు. వ్యాసార్థం 3 ఉన్న గోళాన్ని అప్పటినుంచి ప్రశ్నల్లో వాడటం మానేశాను.

కొత్త ప్రశ్న ఇలా రాశాను: 12 సెం.మీ. వ్యాసం ఉన్న గోళం, 4 మి.మీ. వ్యాసం ఉన్న తీగ. ఆప్షన్లు 36 మీ., 72 సెం.మీ., 72 మీ., 144 మీ. ఉపరితల వైశాల్యం వాడినవాడు 36 మీటర్ల దగ్గర, యూనిట్ చూడనివాడు 72 సెం.మీ. దగ్గర, రెండు వ్యాసాలు వేసినవాడు 144 దగ్గర దొరుకుతారు. బిళ్ళ పద్ధతిలో ఎత్తు 8, వెడల్పు 30 రెట్లు తగ్గింది, 8 × 900 = 7200 సెం.మీ. నోటితోనే అయిపోతుంది.

72 సెం.మీ. పెట్టినవాళ్ళతో నేను లెక్క మాట్లాడలేదు. పీచు ఒలిచిన పెద్ద కొబ్బరికాయంత ఇనుప గుండును కరిగిస్తే, మూరన్నర పొడవున్న సన్నటి ఊచ ఒక్కటే వస్తుందా అని అడిగాను. నవ్వారు. ఈ అధ్యాయంలో వస్తువును కళ్ళ ముందు పెట్టుకుంటే చాలా తప్పులు జవాబు రాయకముందే దొరుకుతాయి.

వైశాల్యం వాడిన పిల్లకు 27 గోళీల లెక్కే తిరగేసి ఇచ్చాను. 6 సెం.మీ. గోళం ఉపరితలం 36π. దాన్ని 2 సెం.మీ. గోళీలుగా చేస్తే ఒక్కోదాని ఉపరితలం 4π, 27 గోళీలకు 108π. మూడు రెట్లు పెరిగింది. లోహం మాత్రం ఒక్క చుక్క పెరగలేదు. కరిగించి పోత పోసేటప్పుడు మారనిది లోహం పరిమాణమే, పైపొర కాదు. పెద్ద ముద్ద కన్నా చిన్న ముక్కలకు రంగు ఎక్కువ పడుతుందని ఇంట్లో పెయింట్ వేసే పని ఉన్న పిల్లలకు చెప్పనక్కర్లేదు.

బిళ్ళ పద్ధతికి హద్దులు ఉన్నాయి, అవీ ఆ వారంలోనే బయటపడ్డాయి. బోలు గోళం ఇచ్చాను: బయటి వ్యాసం 8, లోపలి వ్యాసం 4, కరిగించి 8 సెం.మీ. భూవ్యాసం ఉన్న శంకువు చేస్తే ఎత్తు ఎంత? మన అమ్మాయి వ్యాసార్థాలు 4, 2 తీసుకుని, 4 − 2 = 2, దాని ఘనం 8 అని మొదలుపెట్టింది. ఎత్తు 2 సెం.మీ. వచ్చింది. ఘనాలను తీసేయాలి కానీ తీసేశాక ఘనం చేయకూడదని చెప్పొచ్చు. నేను ఇంకోలా అడిగాను. “గోళం గట్టిగా ఉంటే శంకువు ఎత్తు ఎంత?” “16 సార్, వ్యాసానికి రెట్టింపు.” “మధ్యలో ఉన్న బోలు భాగం వ్యాసం సగం. అంటే మొత్తంలో ఎంత వంతు?” కాసేపు ఆగి “ఎనిమిదో వంతు” అంది. ఎనిమిదో వంతు మాత్రమే పోతే 16 కాస్తా 2 కి ఎలా పడిపోతుంది? 16లో ఎనిమిదో వంతు తీసేస్తే 14. అదే జవాబు.

వృథా శాతం ఇచ్చే లెక్కల్లో ఇంకో చోట కాలు జారుతుంది. తీగ మందం ముందే ఇచ్చి లోహంలో 10 శాతం వృథా అయిందంటే పొడవులో నేరుగా 10 శాతం తగ్గించొచ్చు. కానీ 10 సెం.మీ. గోళాన్ని కరిగించి ఇంకో గోళం పోస్తే 27.1 శాతం వృథా అయింది, కొత్త వ్యాసం ఎంత అంటే 7.29 కాదు. మిగిలింది 0.729 వంతు, దాని ఘనమూలం 0.9, వ్యాసం 9 సెం.మీ. ఇలాంటి వింత శాతం కనిపిస్తేనే ఘనమూలం ఉందని అనుమానించాలి.

శంకువుకు ఏటవాలు ఎత్తు ఇచ్చే ప్రశ్నల గురించి ఎక్కువ చెప్పను. భూవ్యాసార్థం 6, ఏటవాలు ఎత్తు 10 అంటే ఎత్తు 8. కరిగించే లెక్కలో కావలసింది నిలువు ఎత్తే. ఇక్కడ తప్పు చేసేవాళ్ళు ప్రశ్న చదవకుండా చేస్తున్నారు, పద్ధతి లోపం కాదు.

చివరి రోజు నీళ్ళ లెక్కలు. కరిగించడం లేకపోయినా సమీకరణం అదే: మునిగిన వస్తువు ఎంతో, లేచిన నీరు అంత. బోర్డు మీద రాశాను. 12 సెం.మీ. వ్యాసం ఉన్న స్థూపాకార పాత్రలో 3 సెం.మీ. లోతు నీరు ఉంది. 6 సెం.మీ. వ్యాసం ఉన్న ఇనుప గుండు వేస్తే నీటి మట్టం ఎంత పెరుగుతుంది? నేను అనుకున్న దారి: 6 వెడల్పు, 4 ఎత్తు ఉన్న బిళ్ళ, వెడల్పు రెట్టింపైతే ఎత్తు నాలుగో వంతు, 1 సెం.మీ. క్లాసంతా గబగబా ‘ఒకటి సార్’ అంది.

ఆ అమ్మాయి చెయ్యెత్తింది. “సార్, ఒకటి పెరిగితే నీళ్ళు 4 అవుతాయి. గుండు ఎత్తు 6. పైకి తేలి కనిపిస్తుంది కదా, మొత్తం మునగనిదే ఒకటి ఎలా వస్తుంది?”

బోర్డు వైపు చూశాను. గుండు పూర్తిగా మునగాలంటే నీరు ముందే కనీసం 5 సెం.మీ. ఉండాలి. డస్టర్ తీసుకుని 3 చెరిపి 8 వేశాను.